ప్రశ్న గుర్తు ఉన్నా ఇఫ్ ఎందుకు రాదు?

"'డు యు లైక్ మ్యాంగోస్?', 'కెన్ యు క్లోజ్ ద డోర్, ప్లీజ్?' రెండూ ప్రశ్నలే కదా అని, ఇన్‌డైరెక్ట్ స్పీచ్‌లోకి మార్చేటప్పుడు రెండింటికీ ఇఫ్ పెట్టాను. రెండోది టీచర్ కొట్టేశారు, మొదటి దానికి సగం మార్కే వేశారు. ఎందుకు?"

ప్రశ్న గుర్తును చూసి ఇఫ్ పెట్టేసినట్టున్నారు. అడిగినవాళ్లకు ఏం కావాలో చూడండి: అవును-కాదు అనే జవాబా, ఒక పని జరగడమా?

1. పని కావాలంటే టు. ప్లీజ్ తీసేయాలి: షి ఆస్క్‌డ్ మి టు క్లోజ్ ద డోర్.

2. జవాబు కావాలంటే ఇఫ్ లేదా వెదర్. ఇక్కడ ఏది రాసినా సరే.

3. చాలామంది వదిలేసేది ఈ మెట్టే, మీ సగం మార్కు కూడా బహుశా ఇక్కడే పోయి ఉంటుంది. ఇఫ్ తర్వాత వాక్యం ప్రశ్నలా ఉండకూడదు. 'ఇఫ్ డిడ్ ఐ లైక్' తప్పు. డు తీసేయండి, వెంటనే కర్తను పెట్టండి, లైక్‌ను లైక్‌డ్ చేయండి: షి ఆస్క్‌డ్ మి ఇఫ్ ఐ లైక్‌డ్ మ్యాంగోస్. చివర ప్రశ్న గుర్తు కాదు, ఫుల్‌స్టాప్.

'ఆర్ యు రెడీ?'కి డు లేదు కాబట్టి స్థానాలు మార్చి, ఆర్‌ను వాజ్ చేస్తే చాలు: ఇఫ్ ఐ వాజ్ రెడీ.

4. 'డోంట్ రన్' లాంటి వాటికి నాట్ ముందు, టు తర్వాత: హి టోల్డ్ అజ్ నాట్ టు రన్.