ట్రాక్‌ప్యాడ్ క్లిక్ అవ్వకపోతే ల్యాప్‌టాప్ ఆపేసి నొక్కి చూడండి

ప్రశ్న: నాలుగేళ్ల నాటి విండోస్ ల్యాప్‌టాప్. వారం నుంచి ట్రాక్‌ప్యాడ్ ఎడమ వైపు నొక్కితే క్లిక్ అవ్వట్లేదు, కర్సర్ దానంతట అదే అటూ ఇటూ పోతోంది. డ్రైవర్ మళ్లీ వేశాను, మార్పు లేదు. ట్రాక్‌ప్యాడ్ మార్పించాలా?

జవాబు: అప్పుడే మార్పించకండి. ముందు ల్యాప్‌టాప్ పూర్తిగా షట్‌డౌన్ చేసి, ట్రాక్‌ప్యాడ్ కింది అంచును ఎడమ మూల, మధ్య, కుడి మూల వరసగా నొక్కి చూడండి. మామూలు ట్రాక్‌ప్యాడ్ పై అంచు దగ్గర మడతబందులా బిగించి ఉంటుంది, కింది అంచు కొంచెం దిగి అడుగున ఉన్న చిన్న స్విచ్‌ను నొక్కుతుంది. కాబట్టి కరెంటు లేకపోయినా "టక్" మని వినిపించాలి. ఒక మూల గట్టిగా ఉండి చప్పుడు రాకపోతే అది సెట్టింగ్ తప్పు కాదు, డ్రైవర్ తప్పూ కాదు, కింద ఉన్న బ్యాటరీ ఉబ్బి ప్యాడ్‌ను నెడుతుండొచ్చు. (కొత్త మ్యాక్‌బుక్‌లలో ప్యాడ్ అసలు కదలదు, కంపనంతో క్లిక్‌లా అనిపిస్తుంది. ఆపేస్తే చప్పుడు రాకపోవడం వాటికి మామూలే.)

ఇది నాకు అనుభవం మీద తెలిసింది. రెండేళ్ల కిందట నా ల్యాప్‌టాప్‌కీ ఇదే జరిగింది. ఇంటి నుంచే పని, పొద్దున్నుంచి రాత్రి దాకా ఛార్జర్ పెట్టే ఉండేది. క్లిక్ సరిగ్గా పడకపోతే రెండు వారాలు డ్రైవర్లు మారుస్తూ కూర్చున్నాను. ట్యాప్ చేస్తే మాత్రం పనిచేసేది, అందుకే సాఫ్ట్‌వేర్ సమస్యే అనుకున్నాను. ఒకరోజు మా అమ్మాయి స్టీల్ స్కేలు చేతికి దొరికితే ట్రాక్‌ప్యాడ్‌కి అడ్డంగా నిలబెట్టి పెట్టాను. ప్యాడ్ మధ్యలో స్కేలు ఆనింది, రెండు పక్కలా చేతులు ఆనించే చోట కింద నుంచి వెలుతురు కనిపించింది. ల్యాప్‌టాప్ మూసి గాజు బల్ల మీద పెడితే పీటలా ఊగింది.

రిపేరు షాపులో అడుగు మూత మరలు విప్పుతుంటే, ఆఖరి మర ఊడగానే మూత దానంతట అదే పైకి లేచింది. లోపల వెండి రంగు సంచుల్లాంటి బ్యాటరీ సెల్స్‌లో రెండు పూరీల్లా పొంగి ఉన్నాయి. బ్యాటరీ పాతబడ్డా, వేడికి గురైనా, ఎప్పుడూ నూరు శాతం ఛార్జ్‌లోనే ఉన్నా లోపలి రసాయనం విరిగి గ్యాస్ తయారవుతుంది. ఆ సంచికి గ్యాస్ బయటికి పోయే దారి ఉండదు, పొంగుతుంది. సరిగ్గా దాని పైనే ట్రాక్‌ప్యాడ్ ఉంటుంది. కింద నుంచి నెట్టుకొస్తే స్విచ్ దిగడానికి చోటుండదు, లేదా ఎప్పుడూ నొక్కినట్టే ఉండిపోతుంది. అలా నొక్కుకుపోయినప్పుడే కర్సర్ కదిపితే ఫైళ్లు వాటంతట అవే సెలెక్ట్ అయి లాక్కుపోతాయి.

మీ ల్యాప్‌టాప్‌లో అన్ని మూలలా "టక్" బాగానే వస్తే అప్పుడు తేలిక కారణాలు చూడండి. Settings లో Bluetooth & devices, అందులో Touchpad తెరిచి Reset నొక్కండి. ఛార్జర్ తీసేసి పది నిమిషాలు వాడండి. కర్సర్ గెంతడం ఆగిపోతే తప్పు ఛార్జర్‌దో ఎర్తింగ్‌దో. మన ఇళ్లలో మూడు పిన్నుల ప్లగ్‌ని రెండు పిన్నుల అడాప్టర్‌లో పెట్టడం వల్ల ఇది తరచూ వస్తుంది. తర్వాత, ల్యాప్‌టాప్ ఆపి ప్యాడ్‌ను కొద్దిగా తడిపిన మెత్తటి గుడ్డతో తుడవండి. చెమట, నూనె చేతులు కూడా కర్సర్‌ను తికమక పెడతాయి. అంచు సందులో మురికి ఉంటే మందపాటి కాగితం మూల దూర్చి లాగండి, పిన్నీసు మాత్రం వద్దు.

బ్యాటరీ ఎంత అరిగిందో చూడాలంటే కమాండ్ ప్రాంప్ట్‌లో ఇది కొట్టండి:

```
powercfg /batteryreport
```

వచ్చే ఫైల్‌లో DESIGN CAPACITY, FULL CHARGE CAPACITY పక్కపక్కన చూడండి. నాది 42,000 నుంచి 24,000 మిల్లీవాట్ అవర్‌కి పడిపోయింది. కానీ అంకెలు బాగున్నాయని ధీమాగా ఉండకండి, పొంగిన సంగతి ఆ రిపోర్టులో కనబడదు. స్కేలు మాటే నమ్మండి.

ఉబ్బు కనిపిస్తే ఇవాళే వాడటం ఆపేయండి. ఛార్జ్ పెట్టొద్దు. మూత సరిపోవాలని గట్టిగా అదమొద్దు, సూదితో గుచ్చొద్దు. లోపల ఉన్నది మండే పదార్థం, సంచి చిరిగితే అంటుకోవచ్చు. పరుపు మీద, పుస్తకాల పక్కన కాకుండా గచ్చు నేల మీద పెట్టి, మరుసటి రోజే బ్యాటరీ తీయించండి. చాలా మోడళ్లలో అది జిగురుతో అతికి ఉంటుంది, స్క్రూడ్రైవర్‌తో పెకలించే ప్రయత్నం ఇంట్లో చేయకండి. పాత బ్యాటరీని చెత్తబుట్టలో వేయకుండా షాపువాళ్లకో ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకో ఇవ్వండి.

నాకు ట్రాక్‌ప్యాడ్ మార్చాల్సిన పనే పడలేదు. కొత్త బ్యాటరీ వేసిన సాయంత్రమే ఎడమ మూల మళ్లీ "టక్" మంది. ఇప్పుడు తయారీ కంపెనీ యాప్‌లో ఛార్జింగ్ 80 శాతం దగ్గర ఆగేలా పెట్టుకున్నాను. మీరు స్కేలు పెట్టి చూశాక ఏమైందో ఇక్కడే రాయండి, ఫోటో పెడితే నేను చూసి చెప్తాను.