బయ్యరుకు రాసే ఉత్తరంలో మార్జిన్ లెక్క

చిరంజీవికి ఆశీస్సులు.

బెంగళూరు మారతహళ్లిలో మీ పిన్ని పెట్టే గోంగూర పచ్చడి గురించి సూపర్‌మార్కెట్ బయ్యరుకు నువ్వు రాసిన ఉత్తరం శ్రద్ధగా చదివాను. నీ వాక్యం బాగుంది. కానీ అరలో ఏ సరుకు ఉండాలో తేల్చే ఆ కేటగిరీ బయ్యరు తెలుసుకోవాలనుకునేది మూడో పేరాలో గానీ రాలేదు. కొత్త సీసాకు చోటివ్వాలంటే పచ్చళ్ల అరలోంచి పాతదొకటి తీసేయాలి. ఆ నిర్ణయానికి పనికివచ్చేవి ముందు చెప్పు: 300 గ్రాముల గాజు సీసా, ఎం.ఆర్.పి. 210 రూపాయలు, నిల్వ తొమ్మిది నెలలు, చుట్టుపక్కల ఎనిమిది కిరాణా దుకాణాల్లో నెలకు 240 సీసాల అమ్మకం. అమ్మమ్మ చేతిరుచి కథ సీసా మీది లేబుల్‌కు ఉంచు.

నన్ను నిజంగా కలవరపెట్టింది ‘30 శాతం మార్జిన్ ఇస్తాం’ అన్న మాట. దేని మీద 30 శాతం? 210 రూపాయల్లో 5 శాతం జీఎస్టీ తీస్తే 200. మీ పిన్ని 140కి ఇస్తే దుకాణానికి 60 మిగులుతుంది. అమ్మకం ధర మీద అది సరిగ్గా 30 శాతం. నువ్వేమో కొన్న ధర మీద లెక్కకట్టావు. అలా చూస్తే 140 మీద 30 శాతమంటే 42 రూపాయలే. బయ్యరు మాత్రం అమ్మకం ధర మీదే లెక్క చూస్తారు. సీసాకు 18 రూపాయల తేడా సమావేశంలో బయటపడితే మాట మార్చినట్టు అవుతుంది. అందుకే శాతంతో పాటు రూపాయలూ రాయి: ‘పన్ను కాక 140, మీ గోదాముకు చేర్చి.’ ఆ చివరి మాట తప్పనిసరి. గోదాముకు ఒకేచోట దించడం వేరు, ఊరంతా ఉన్న దుకాణాలకు తిరిగి ఇవ్వడం వేరు.

ఉత్తరం పంపే ముందే పిన్నిని కూర్చోబెట్టి అడుగు. రవాణా, పగిలిన సీసాలు కలుపుకుని ఖర్చు 118 అయితే మిగిలేది 22. బయ్యరు 35 శాతం అడిగితే ధర 130కి దిగుతుంది, మిగిలేది 12. గడువు తీరిన సరుకు వెనక్కి తీసుకోమంటే అదీ కరుగుతుంది. ఎక్కడ ఆగాలో ముందే తేల్చుకోండి, కానీ ఆ అంకె ఉత్తరంలో రాయవద్దు.

నమూనాల విషయంలో ‘కావాలంటే పంపుతాం’ అని వదిలేశావు. ‘ఒకే బ్యాచ్‌లోని రెండు సీసాలు, ల్యాబ్ నివేదికతో, మీరు చెప్పిన రోజున మీ కార్యాలయంలో అందిస్తాం’ అని రాయి. అమ్మకానికి పెట్టే సీసానే పంపాలి. బయ్యరు మూత తీయకముందే వెనక్కి తిప్పి 14 అంకెల ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. లైసెన్సు నంబరు, తయారీ తేదీ, బార్‌కోడ్ చూస్తారు. చేత్తో రాసిన లేబుల్ కనిపిస్తే సరుకు ఇంకా సిద్ధం కాలేదనుకుంటారు.

చివర ‘ఎప్పుడైనా కలుస్తాం’ అనకు. ఇరవై నిమిషాలు అడిగి, రెండు తేదీలు సూచించు. తిరగరాసి, పిన్ని ఖర్చుల కాగితంతో సహా నాకు పంపు. అంకెలు ఒకసారి సరిచూస్తాను.