అమ్మాయి ఎత్తు ఆపే హార్మోన్లు: ఎప్పుడు, ఎందుకు వద్దు?

ప్రశ్న: మా అమ్మాయికి 12 ఏళ్లు. ఇప్పటికే 165 సెంటీమీటర్లు ఉంది. రెండు నెలల క్రితం రజస్వల అయింది. మా వారు 183, నేను 170. ఇంకా పెరిగితే సంబంధాలు కుదరవని మా అత్తగారు దిగులుపడుతున్నారు. ఎత్తు ఆపే హార్మోన్ ఉందని విన్నాం. ఇప్పించవచ్చా?

జవాబు: అమ్మా, మందు ఉన్న మాట నిజమే. కానీ మీ అమ్మాయికి అది అవసరం లేదు.

మీ ఇద్దరి ఎత్తులు కలిపి, అందులోంచి 13 తీసేసి, సగం చేస్తే 170 వస్తుంది. మీ ఇంటి ఆడపిల్ల చేరే ఎత్తు దాని చుట్టుపక్కలే ఉంటుంది. రజస్వల అయ్యాక అమ్మాయిలు సాధారణంగా 5 నుంచి 7 సెంటీమీటర్లే పెరుగుతారు. అంటే 170, 172 దగ్గర ఆగుతుంది. తేల్చుకోవాలంటే ఎడమ చేతి మణికట్టుకు ఎక్స్‌రే తీయించండి. వేళ్ల ఎముకల చివర సన్నని నల్లటి గీతలు కనిపిస్తాయి. ఎముక పెరిగే చోటు అదే. అది మూసుకుంటున్న తీరును బట్టి ఎముకల వయసు చెబుతాం. ఆ వయసు 13 అయితే ఎత్తులో దాదాపు 96 శాతం వచ్చేసినట్టే. 12 అయితే 92 శాతమే, అప్పుడు అంచనా 179 దాకా వెళ్తుంది. అప్పుడైనా నేను మందు రాయను.

ఈ చికిత్సలో వాడేది ఈస్ట్రోజెన్. యుక్తవయసులో ఆ గీతల్ని మూసేది అదే కాబట్టి, ఎక్కువ మోతాదులో ఇస్తే త్వరగా మూసుకుంటాయి. ఎముకల వయసు తక్కువగా ఉన్నప్పుడే మొదలుపెడితే కొన్ని సెంటీమీటర్లు తగ్గుతాయి. పెరుగుదల చివరికి వచ్చాక ఇస్తే తగ్గేది నామమాత్రమే. మోతాదు మాత్రం చిన్నది కాదు. రోజుకు 150 మైక్రోగ్రాముల దాకా ఇచ్చేవారు. గర్భనిరోధక మాత్రలో సాధారణంగా ఉండేది 30. వాంతులు, బరువు పెరగడం, రక్తం గడ్డకట్టే ముప్పు దీని వెంటే ఉంటాయి.

ఆస్ట్రేలియాలో 1959 నుంచి దశాబ్దాల పాటు పొడవు అమ్మాయిలకు దీన్ని ఇచ్చారు. పెద్దయ్యాక వాళ్లను పరిశీలించి 2004లో లాన్సెట్ పత్రికలో ఫలితాలు ప్రచురించారు. చికిత్స తీసుకోని పొడవు మహిళలతో పోలిస్తే, తీసుకున్నవారిలో గర్భం కోసం ఏడాదికి పైగా ప్రయత్నించి విఫలమైనవారు ఎక్కువ. తర్వాత నెదర్లాండ్స్ పరిశోధకులు ఈ చికిత్స తీసుకున్నవారిలో అండాశయాలు ముందుగానే అలిసిపోవడాన్ని గమనించారు. మోతాదు పెరిగేకొద్దీ ఆ ప్రమాదమూ పెరిగింది. ఆస్ట్రేలియా మహిళలను అభిప్రాయం అడిగితే, చికిత్స తీసుకోనివారిలో దాదాపు అందరూ తీసుకోనందుకు సంతోషించారు. తీసుకున్నవారిలో పదిమందికి నలుగురు ఆ నిర్ణయం పట్ల అసంతృప్తి చెందారు.

నన్ను కలవరపెట్టేది ఇదే. పొడవు జబ్బు కాదు. నిర్ణయం పెద్దలది, భయం పెళ్లి గురించి; మూల్యం చెల్లించేది మాత్రం పాతికేళ్లు దాటాక ఆ అమ్మాయి. అంచనా 185 దాటి, పిల్లకే అది భరించలేని బాధగా ఉన్న అరుదైన సందర్భాల్లో కొన్ని కేంద్రాలు దీన్ని ఇంకా చర్చిస్తాయి. మోకాలి దగ్గర పెరుగుదలను శస్త్రచికిత్సతో ఆపడం ఇంకో మార్గం.

అయితే ఒక్కసారి పిల్లల హార్మోన్ వైద్యులకు చూపించండి. వేళ్లు మరీ పొడవుగా ఉండి, చూపు మందగిస్తే శరీర కణజాలాలను బలహీనపరిచే మార్ఫాన్ అనే జన్యు సమస్య ఉందేమో చూడాలి, గుండెకు ఎకో తీయాలి. ఎత్తు అకస్మాత్తుగా దూసుకుపోతూ తలనొప్పి ఉంటే, పెరుగుదల హార్మోన్ తయారుచేసే పిట్యూటరీ గ్రంథిని పరీక్షించాలి. ఆ రోజు అమ్మాయిని బయట కూర్చోబెట్టకండి. తన ఎత్తు గురించి తనకేమనిపిస్తుందో ఆమెనే చెప్పనివ్వండి.