చలాన్ నంబరు అడుగు

అమ్మాయీ,

నిన్ను లోక్‌సభ సచివాలయంలో ప్రజా పద్దుల కమిటీ పనికి వేశారని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. రాత్రి ఆ సంతోషంతో నిద్ర పట్టలేదు. తెల్లారేసరికి బెంగ మొదలైంది.

కాగ్ నివేదిక సభ ముందుకు రావడం, కమిటీ కొన్ని పేరాలు ఎంచుకుని శాఖల కార్యదర్శుల్ని పిలిచి అడగడం, సిఫార్సులు చేయడం, ఇదంతా నీకు నెలలో వచ్చేస్తుంది. నా భయమంతా ఆ తర్వాతి పని గురించే. సిఫార్సుల మీద ఏం చేశారో శాఖ ఆరు నెలల్లోగా యాక్షన్ టేకెన్ నోట్ పంపాలి. ఆ జవాబును ఒప్పుకోవచ్చా, మళ్లీ గట్టిగా అడగాలా, లేక అది ఇంకా మధ్యంతర జవాబేనా అన్నది కమిటీ తేలుస్తుంది. ముందుగా చదివి ముసాయిదా రాసేది మాత్రం మీలాంటివాళ్లే.

నేను ఒక రాష్ట్ర శాసనసభలో ఇదే పని చేసేటప్పుడు ఒక పేరా వచ్చింది. పని మొదలుపెట్టడానికని కాంట్రాక్టరుకు ముందుగానే డబ్బు, అంటే మొబిలైజేషన్ అడ్వాన్స్ ఇచ్చారు. దానికి పూచీగా పెట్టిన బ్యాంకు గ్యారంటీ గడువు తీరిపోయినా ఎవరూ పొడిగించలేదు. అడ్వాన్స్ వసూలు చేయమని కమిటీ చెప్పింది. ‘తదుపరి బిల్లుల నుంచి మినహాయించాలని ఆదేశాలు ఇచ్చాం’ అని శాఖ రాసింది, ఆదేశం నకలు జత చేసింది. సంతకం, ముద్ర అన్నీ ఉన్నాయి. చేతిలో ఇంకా బోలెడు ఫైళ్లున్నాయి. ‘ఆమోదించవచ్చు’ అని రాసేశాను. పేరా మూసేశారు.

రెండేళ్లకు అదే పని గురించి ఆడిట్ మళ్లీ రాసింది. మేం పేరా మూసే నాటికే కాంట్రాక్టు రద్దయింది. ఇక తదుపరి బిల్లు ఎక్కడిది? పట్టుకోవడానికి గ్యారంటీ కూడా లేదు. ఆ ఆదేశం తేదీని, చేసిన పని కొలతలు రాసే ఎం-బుక్‌లో చివరి కొలత తేదీని పక్కపక్కన పెట్టి ఉంటే అప్పుడే తెలిసేది: కొలతలు ఆగిపోయిన ఎనిమిది నెలలకు ఆదేశం ఇచ్చారు. నేను ఎం-బుక్ నకలు అడగనేలేదు. ఆ రోజు ఛైర్మన్ నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

అందుకే, ‘ఆదేశించాం’, ‘నోటీసు ఇచ్చాం’, ‘పరిశీలనలో ఉంది’ అని కనిపిస్తే అది మధ్యంతర జవాబే అనుకో. వసూలైందంటే చలాన్ నంబరు, తేదీ, ఏ పద్దులో జమైందో అడుగు. జవాబును ఆడిట్ వాళ్లు సరిచూసి ఏమైనా వ్యాఖ్య రాశారేమో ముందు అది చదువు. శాఖ రాసిన నాలుగు పేజీలకన్నా వాళ్ల రెండు వాక్యాల్లోనే ఎక్కువ దొరుకుతుంది. ‘కోర్టు స్టే ఉంది’ అంటే కేసు నంబరు, స్టే ఎత్తేయించడానికి ఏం చేశారో రాయమను. గడువు దాటుతోందని ఎవరైనా తొందరపెడితే లొంగకు. నువ్వు చిన్నప్పటి నుంచీ మొహమాటస్తురాలివి, నాకు తెలుసు.

ఇంకొకటి. నివేదిక సభ ముందు పెట్టేదాకా కమిటీ కాగితాల్లోది ఎక్కడా మాట్లాడకూడదు. ఫోన్‌లో నాక్కూడా చెప్పొద్దు. అన్నం తిన్నావో లేదో చెప్పు చాలు.

మీ మావయ్య