పాకెట్ మనీ బుధవారానికే అయిపోతోందా?

"పర్లాకిమిడిలో ఉంటాం. పాపకు వారానికి 70 రూపాయలు. మూడు డబ్బాలకు పేర్లు అంటించాం. అయినా బుధవారానికి 'ఖర్చు' ఖాళీ, 'దాచుకునేది' లోంచి తీసేస్తోంది."

మీరు ఆదివారం అన్నీ పది రూపాయల నోట్లే ఇవ్వండి, పంచుకోవడం తనదే: ఖర్చుకు 40, దాచడానికి 20, ఇతరులకు 10. 'దాచుకునేది' అన్న చీటీ తీసేసి 'రథయాత్రలో బొమ్మ, 120' అని రాయించండి. ఆరు వారాల లెక్క కళ్లముందుంటే చెయ్యి పెట్టడం తగ్గుతుంది.

నోట్‌బుక్‌లో రోజు, కొన్నది, ఎంత, మిగిలింది రాయాలి. సోమవారం గుప్‌చుప్ 10, మిగిలింది 30. మంగళవారం మళ్ళీ గుప్‌చుప్ 10, పెన్సిల్ 10, మిగిలింది 10. డబ్బు ఎటు పోతోందో తనకే తెలుస్తుంది. పెన్సిల్ ఖర్చు మాత్రం మీరే పెట్టుకోండి, అది పాకెట్ మనీ కాదు. శనివారం డబ్బా లెక్కపెట్టండి. తేడా వస్తే తిట్టకుండా 'గుర్తులేదు' అని రాయించండి. తిడితే దొంగలెక్కలు మొదలవుతాయి. ఖాళీ అయితే ఆదివారం దాకా నింపొద్దు.