షూరిటీ సంతకం అడిగే ముందు

చిరంజీవి అల్లుడికి ఆశీస్సులు.

ఐదు లక్షల చీటీ ఈ నెల పాడుకోవాలనుకుంటున్నావనీ, కంపెనీవాళ్లు ముగ్గురు షూరిటీలు కావాలన్నారనీ, వాళ్లలో ఒకరుగా నీ చిన్ననాటి స్నేహితుడిని, అదే టీచరు ఉద్యోగం చేస్తున్న అబ్బాయిని, అడగాలనుందనీ ఫోన్‌లో చెప్పావు. ఫోన్‌లో సరిగ్గా చెప్పలేకపోయాను, అందుకే రాస్తున్నాను. అడగొద్దని చెప్పడానికి కాదు. అతనికి ఇష్టం లేకపోతే ఇబ్బంది పడకుండా కాదని చెప్పగలిగేలా ఎలా అడగాలో చెప్పడానికి.

ముందు నువ్వు అడుగుతున్నది ఎంతో లెక్క కట్టుకో. నీది నెలకు 20,000 చొప్పున 25 నెలల చీటీ. ఆరో నెల వేలంలో లక్ష తగ్గించి పాడుకుంటే చేతికి దాదాపు నాలుగు లక్షలు వస్తాయి. ఆ తర్వాత ఇంకా 19 వాయిదాలు, అంటే 3,80,000 కట్టాలి. షూరిటీ పెట్టేవాడు మోసేది ఈ 3,80,000 బరువు. నువ్వు వాయిదా తప్పితే మిగిలినదంతా ఒకేసారి కట్టమని కంపెనీ నోటీసు ఇవ్వొచ్చు. ముగ్గురు సంతకం పెట్టారు కాబట్టి తలా మూడో వంతే అని చాలామంది అనుకుంటారు. అలా ఉండదు. మొత్తం సొమ్ము ముగ్గురిలో ఎవరి దగ్గరనుంచైనా వసూలు చేసుకోవచ్చు. వాటా కోసం మిగతా ఇద్దరి చుట్టూ తిరగాల్సింది అతనే. ముందు నిన్ను అడిగి, నీ ఆస్తి చూసి, ఆ తర్వాతే అతని దగ్గరకు రావాలన్న నియమం కూడా లేదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం, వేరే ఒప్పందం రాసుకుంటే తప్ప, జామీనుదారుడి బాధ్యత అప్పు తీసుకున్నవాడి బాధ్యతతో సమానం.

జీతం సంగతి నాకు బాగా తెలుసు. కోర్టు జప్తు ఉత్తర్వు వస్తే మొదటి వెయ్యి పోను మిగిలిన జీతంలో మూడో వంతు దాకా ప్రతి నెలా పట్టుకోవచ్చు. ఒక డిక్రీ కింద అలా 24 నెలల వరకు సాగవచ్చు. నాకు జరిగింది అదే. ఒక తోటి ఉపాధ్యాయుడు మధ్యాహ్నం భోజనాల వేళ స్టాఫ్ రూములో అందరి ముందూ కాగితం నా చేతికిచ్చి, "ఊరికే సంతకమే మాస్టారూ" అన్నారు. నలుగురూ చూస్తున్నారు. కాదంటే ఆయన్ని నమ్మట్లేదని అందరి ముందూ చెప్పినట్టవుతుందని పెట్టేశాను. ఏడాది తిరగకుండానే ఆయన వాయిదాలు ఆపేశారు. నా జీతంలో కోత పడింది. అప్పుడు మీ అత్త పుస్తెలతాడు కుదువ పెట్టి పిల్లల ఫీజు కట్టాం. డబ్బు పోయినందుకన్నా, ఆ రోజు కాదనడానికి సందు లేకుండా అడిగారన్నదే ఇప్పటికీ బాధిస్తుంది.

అందుకే అతన్ని అడిగే ముందు ఇంకో దారి నిజంగా సిద్ధం చేసుకో. నీ ఫిక్స్‌డ్ డిపాజిట్‌గానీ, సరెండర్ విలువ ఉన్న ఎల్.ఐ.సి. పాలసీగానీ జామీనుగా పెట్టుకుంటారేమో బ్రాంచిలో అడుగు. అదీ కుదరకపోతే ఇంకో నాలుగైదు నెలలు ఆగి పాడుకో. అప్పటికి మిగిలే వాయిదాలు తగ్గుతాయి, అడిగే బరువూ తగ్గుతుంది. దారి ఉంటేనే "నువ్వు కాదన్నా నాకు వేరే దారి ఉంది" అని నిజాయితీగా అనగలవు. లేకుండా ఆ మాట అనకు, అబద్ధం అతనికి ఇట్టే తెలిసిపోతుంది.

ఇంటికి వెళ్లి అడగొద్దు. అతని భార్య కాఫీ ఇచ్చి కూర్చున్నాక అడిగితే, వాళ్లిద్దరూ మాట్లాడుకోవడానికి చోటుండదు. పెళ్లిలోనో, నలుగురిలోనో వద్దు. మధ్యవర్తితో అసలే వద్దు. కాగితం చేతిలో పట్టుకుని వెళ్లకు. అతను నీకు ఎప్పుడో బాకీ పడి ఉన్నా, నువ్వు అతనికి సాయం చేసి ఉన్నా, ఆ పాత సంగతి ఎత్తకు. వాట్సాప్‌లో మెసేజ్ పెట్టు. ముఖం చూడక్కర్లేదు, వెంటనే జవాబు చెప్పక్కర్లేదు, రాత్రి ఇంట్లో చదివి మాట్లాడుకోవచ్చు. నేనైతే ఇలా రాస్తాను:

"ఒరేయ్, ఒక విషయం అడుగుతున్నా, నిదానంగా ఆలోచించు. ఐదు లక్షల చీటీ పాడుకుంటున్నా. షూరిటీ కావాలి. నేను కట్టకపోతే నీ మీద పడే మొత్తం 3,80,000, 19 నెలల పాటు. షూరిటీలు ముగ్గురున్నా మొత్తం ఒక్కరి దగ్గరే వసూలు చేయొచ్చు, నీ జీతం మీదకి రావచ్చు. ఇంట్లో చెప్పకుండా ఒప్పుకోవద్దు. నువ్వు కాదన్నా నాకు వేరే దారి ఉంది, డిపాజిట్ పెడతా. కారణం చెప్పాల్సిన పని లేదు. శనివారం దాకా నీ నుంచి ఏ మాటా రాకపోతే కుదరదనుకుని వేరే ఏర్పాటు చూసుకుంటా, మళ్లీ ఈ మాట ఎత్తను."

ఇందులో అన్నిటికన్నా పనికొచ్చేది ఆ చివరి వాక్యం. మనవాళ్లకు స్నేహితుడితో "కాదు" అనే మాట నోట్లోంచి రావడం కష్టం. మౌనమే జవాబు అయితే, అతను ఆ మాట అనకుండానే తప్పుకోగలడు. శనివారం దాటాక మాత్రం నిజంగా మళ్లీ అడగకూడదు. "చూశావా మెసేజ్?" అని కూడా.

కొన్ని మాటలు అసలు రాకూడదు. "జస్ట్ ఫార్మాలిటీ", "నీ దాకా రానిస్తానా", "నువ్వు కాకపోతే నాకెవరున్నారు". మొదటి రెండూ లెక్కను కప్పేస్తాయి, మూడోది అతన్ని కట్టిపడేస్తుంది.

జవాబు ఎలా వస్తుందో జాగ్రత్తగా చూడు. "చూద్దాంలే" అంటే కాదని. "శాలరీ సర్టిఫికెట్‌కి కాస్త టైం పడుతుందేమో" అన్నా కాదనే. "ఇప్పటికే ఇంకొకరికి పెట్టాను" అంటే అదెంతవరకు నిజమో ఆరా తీయకు. ఇలాంటప్పుడు "సరే రా, ఏం పర్లేదు, వేరేలా చూసుకుంటున్నా" అని వెంటనే రాసేయ్. రెండు మూడు రోజుల్లో వేరే ఏదో సంగతి మీద మామూలుగా ఫోన్ చేయి. కాదన్నాక మొదటిసారి ఫోన్ చేయడం అతనికి మొహమాటంగా ఉంటుంది, కాబట్టి నువ్వే చేయాలి. అతను పెట్టలేదన్న మాట మిగతా స్నేహితుల దగ్గర అనకు.

"నువ్వడిగితే కాదంటానా" అని వెంటనే ఒప్పుకున్నా సంబరపడకు. అది స్నేహం మీద చెప్పిన మాట, లెక్క మీద కాదు. "థాంక్స్ రా, ఇంట్లో ఒకసారి మాట్లాడి రేపు చెప్పు" అని ఇంకో రోజు ఇవ్వు. మర్నాడూ అదే మాట అంటే అప్పుడు కాగితం ఫొటో పంపు, చదువుకున్నాకే సంతకం.

సాక్షి సంతకం సంగతి వేరు. ప్రామిసరీ నోటు మీదో, అద్దె అగ్రిమెంటు మీదో సాక్షిగా పెట్టినవాడు డబ్బు కట్టక్కర్లేదు, గొడవ వస్తే కోర్టులో చెప్పాల్సి రావచ్చు. అయితే "సాక్షి సంతకమే" అని పిలిచి జామీనుదారు గడిలో పెట్టించేవాళ్లను చూశాను. ఆ గడి పేరేమిటో ముందే చదివి అతనికి చెప్పు.

అతను ఒప్పుకుని పెడితే ప్రతి నెలా వాయిదా కట్టిన రసీదు అతనికి పంపుతూ ఉండు, అడగకముందే. ఏ నెలైనా ఇబ్బందిగా ఉంటే గడువుకి పది రోజుల ముందే చెప్పు. కంపెనీ నోటీసు కన్నా నీ ఫోన్ ముందు చేరాలి.

వేలం ఈ నెలాఖరునే అన్నావు కదా. అంటే శనివారం గడువు పెట్టాలంటే మెసేజ్ ఈ వారమే వెళ్లాలి. రేపు బ్రాంచికి వెళ్లి డిపాజిట్ సంగతి కనుక్కుని, ఆ తర్వాత రాయి.

మీ మామయ్య