జీతంలో టోకెన్లు ఇస్తామంటే వైట్‌పేపర్‌లో ఏం చూడాలి?

ప్రశ్న: సార్, మాది కావలి. మా అబ్బాయి బీటెక్ అయిపోయింది. చెన్నైలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ నెలకు 28 వేలకు పిలిచింది. రొయ్యల ఎగుమతి మీద పనిచేసే ఒక క్రిప్టో ప్రాజెక్టు వాళ్లేమో నెలకు 15 వేలు, ఏడాదిన్నర తర్వాత తమ డిజిటల్ నాణేల్లాంటి 3 లక్షల టోకెన్లు ఇస్తామంటున్నారు. టోకెన్ ఇప్పుడు 2 రూపాయలు, అంటే 6 లక్షలు. నేను కూడా అందులో 2 లక్షలు పెడదామనుకుంటున్నాను. మా బావమరిది కొడుకు బెంగళూరులో లక్షకు పైగా తెచ్చుకుంటున్నాడు. మావాడు వెనకబడతాడేమోనని టెన్షన్‌గా ఉంది. వాళ్ల ప్లాన్ వివరించే వైట్‌పేపర్ పంపాను, చూసి చెప్పండి.

జవాబు: నమస్కారమండి. 28 వేలతో మొదలుపెట్టిన పిల్లవాడు వెనకబడినట్టు కాదు. ముందు ఆ దిగులు మానుకోండి.

మీరు పంపిన వైట్‌పేపర్ 40 పేజీలు ఉంది. అందులో చదవాల్సింది టోకెన్ల పంపకం చూపే ఒక్క పట్టిక. మొత్తం టోకెన్లు 100 కోట్లు. ఇవాళ మార్కెట్లో తిరుగుతున్నవి 8 కోట్లే. మీరు చెప్పిన 2 రూపాయల ధర ఆ 8 కోట్లకు పలుకుతున్న ధర. అంటే వాటి మొత్తం విలువ 16 కోట్ల రూపాయలు.

మిగతావి ఎవరి దగ్గరున్నాయో చూడండి. 24 కోట్లు మొదట్లో డబ్బు పెట్టినవాళ్లవి. వాళ్లు ఒక్కోటి 20 పైసలకు కొన్నారు. ఆరు నెలలు అమ్మకూడదు, తర్వాత నెలకు 2 కోట్ల చొప్పున ఏడాదిపాటు అమ్ముకోవచ్చు. సరిగ్గా మీవాడి టోకెన్లు చేతికొచ్చే వేళకు వాళ్లవన్నీ మార్కెట్లోకి వచ్చేసి ఉంటాయి. అప్పుడు తిరిగే టోకెన్లు 32 కోట్లు. మొత్తం విలువ 16 కోట్ల దగ్గరే నిలిస్తే ఒక్కోటి 50 పైసలు. ఆ ధరకు అమ్మినా మొదటివాళ్లకు రెండున్నర రెట్లు వస్తుంది కాబట్టి వాళ్లు ఆగరు. మీవాడి 6 లక్షలు లక్షన్నర అవుతుంది. చెన్నైలో నెలకు ఎక్కువొచ్చే 13 వేలు ఈ ఏడాదిన్నరలో 2 లక్షల 34 వేలు అవుతాయి, అదీ బ్యాంకులో పడే డబ్బు.

ఇంకా టీమ్ వాళ్ల 20 కోట్లు ఉన్నాయి. చివరి వరసలో 'ఎకోసిస్టమ్ ఫండ్' పేరుతో 48 కోట్లు పెట్టారు. అవి ఎప్పుడు బయటికొస్తాయో, ఎవరు సంతకం పెడితే వస్తాయో ఒక్క ముక్క రాయలేదు. సగానికి దగ్గరగా ఉన్న వాటా గురించి మౌనంగా ఉన్న పత్రాన్ని నేను నమ్మలేను.

కొత్తగా కొనేవాళ్లు ఎక్కువైతే ధర పెరగొచ్చు కదా అంటారు. పెరగొచ్చు. అయితే ఎవరు కొంటారు, ఎందుకు కొంటారు? చెరువు నుంచి ఓడ దాకా రొయ్యల వివరాలు బ్లాక్‌చెయిన్‌లో, అంటే రాసింది చెరపలేని డిజిటల్ చిట్టాలో నమోదు చేస్తారట, ఎగుమతిదారు ఆ సేవకు టోకెన్లలో చెల్లించాలట. ఎగుమతిదారు రూపాయల్లోనే బిల్లు కట్టొచ్చు కదా? టోకెన్ తీసేసినా ఆ పని నడుస్తుందంటే, కొనేవాడికి దానితో అవసరం లేనట్టే. పైగా, యాంటీబయాటిక్ పరీక్ష ఫలితం మొదట తప్పుగా రాస్తే బ్లాక్‌చెయిన్ ఆ తప్పును చెరగకుండా నిలిపి ఉంచుతుంది, అంతే. ఆ రాసేవాడిని ఎవరు తనిఖీ చేస్తారన్నది 40 పేజీల్లో ఎక్కడా లేదు. బిట్‌కాయిన్ పత్రం 2008లో వచ్చింది, 9 పేజీలు. అందులో పని ఎలా జరుగుతుందో ఉంది, ధర ఎంత పెరుగుతుందో లేదు. మీరు పంపినదాంట్లో 'పది రెట్లు' అన్నమాట మొదటి పేజీలోనే ఉంది.

మీ అబ్బాయి కంప్యూటర్ చదివినవాడు కాబట్టి కాగితంతో ఆగొద్దనండి. ప్రాజెక్టు వాళ్ల దగ్గర టోకెన్‌ను నడిపే కోడ్ ఉండే కాంట్రాక్ట్ అడ్రస్ అడిగి, అది ఇథీరియం అనే బ్లాక్‌చెయిన్ మీద ఉంటే Etherscan అనే సైట్‌లో తెరవమనండి. Holders అన్నచోట ఆ 24 కోట్లు ఎక్కడున్నాయో కనిపిస్తుంది. తాళం వేసిన కాంట్రాక్టులో కాకుండా మామూలు వాలెట్లలో ఉంటే, ఆరు నెలల లాక్ నోటిమాటే. కోడ్‌లో కొత్త టోకెన్లు సృష్టించే `mint` ఉండి, దాన్ని యజమాని ఎప్పుడైనా నడపగలిగితే 100 కోట్ల పరిమితీ నోటిమాటే. అడ్రస్ ఇవ్వకపోతే ఇంక చూడాల్సింది లేదు.

కోపం తెచ్చుకోకండి, ఒకటి గట్టిగానే అంటాను. బావమరిది కొడుకు జీతం గుర్తుపెట్టుకుని రాశారు, మీవాడికి ఏ పని ఇష్టమో ఒక్క మాట రాయలేదు. మీరు పెడదామనుకున్న 2 లక్షలు కొడుకు ఉద్యోగం కోసమా, పోటీ కోసమా? 2022 నుంచి క్రిప్టో లాభం మీద 30 శాతం పన్ను. నష్టం వస్తే దాన్ని ఇంకే ఆదాయంలోనూ తగ్గించుకోనివ్వరు. ఆ డబ్బు పెట్టకండి.

చెన్నైకి పంపండి. వాడికి బ్లాక్‌చెయిన్ మీద నిజంగా మనసుంటే ఆ పని సాయంత్రాలు నేర్చుకోవచ్చు. ఈ ప్రాజెక్టు వాళ్లకు మాత్రం ఒక మెయిల్ పెట్టమనండి: "టోకెన్లు వద్దు, నెలకు 28 వేలు నగదుగా ఇస్తారా? 48 కోట్ల టోకెన్ల విడుదల షెడ్యూల్ పంపుతారా?" రెండింటికీ రాతపూర్వకంగా జవాబొస్తే నాకు పంపండి, అప్పుడు మళ్లీ చూద్దాం.